‘ఆఖరి రోజు’ అన్నాక మర్నాడు ఏం జరగాలి

ఆషాఢం వచ్చిందంటే ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడి బజారులో బట్టల కొట్ల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. తెలుగిళ్లలో పెళ్లిళ్లు ఆగిపోయే నెల కాబట్టి పట్టుచీరల బేరం పలచబడుతుంది. అదే సమయంలో ఒడియా ఇళ్లలో రథయాత్ర సందడి. బీరువాల్లో మిగిలిపోయిన సరుకు కదిలించడానికి వ్యాపారికి ఇంతకంటే అనువైన కాలం ఉండదు. ఫ్లెక్సీల మీద రంగులు మారతాయేమో గానీ మాటలు దాదాపు అవే: ‘ఆఖరి అవకాశం’, ‘కొద్ది రోజులే’, ‘స్టాకు అయిపోతోంది’, ‘త్వరపడండి’.

త్వరపడమని చెప్పడం తప్పేమీ కాదు. గడువు నిజంగా ఉన్నప్పుడు, సరుకు నిజంగా తక్కువ ఉన్నప్పుడు, ఆ సంగతి చెప్పకపోతేనే కొనేవాళ్లకు నష్టం. అసలు చిక్కు ఈ మాటల తీరులో ఉంది. ‘25 శాతం తగ్గింపు’ అన్న మాట ఇవాళ్టి సంగతి చెబుతుంది. అది నిజమో కాదో బిల్లు చూస్తే తెలిసిపోతుంది. ‘ఆదివారంతో ఆఖరు’ అన్న మాట మాత్రం సోమవారం సంగతి చెబుతుంది. సోమవారం నుంచి ఈ రేటు ఉండదని ముందే ఇస్తున్న మాట అది. ఆ మాట నిజమా, అబద్ధమా అనేది ఫ్లెక్సీ ప్రింటయిన రోజు తేలదు, సేల్ ముగిసిన మర్నాడు తేలుతుంది. అందుకే నిజాయితీగా సేల్ పెట్టాలనుకునే వ్యాపారి ముందుగా తేల్చుకోవలసింది మర్నాటి సంగతి. ఆ రోజు రేటు ఎంత, మిగిలిన సరుకు ఏమవుతుంది, కొత్త సరుకు వస్తుందా? ఈ మూడింటికీ జవాబులు దొరికితే ఫ్లెక్సీ మీది మాటలు వాటంతట అవే వస్తాయి. జవాబుల్లేకుండా రాస్తే ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుంది.

ఒక ఊహా దుకాణాన్ని తీసుకుని ఇదంతా ఎలా నడుస్తుందో చూద్దాం. పర్లాకిమిడిలో ఒక చీరల కొట్టు ఉందనుకోండి. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఊళ్లోవాళ్లే. మిగతావాళ్లు ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి, ఒడిశా వైపు కాశీనగర్, గుణుపురం నుంచి వస్తారు. కొందరు బస్సెక్కుతారు, కొందరు నౌపడ–గుణుపురం రైలెక్కుతారు. కొట్లో 60 బరంపురం పట్టుచీరలు కదలకుండా ఉన్నాయి. ఒక్కోటి రూ. 8,000. వాటిని రూ. 6,000కి ఇచ్చి పది రోజుల్లో ఖాళీ చేయాలని యజమాని ఆలోచన. 2025 క్యాలెండర్ చూసుకుంటే ఆ ఏడు జూన్ 27న రథయాత్ర, జులై 5న రథాలు తిరిగి వచ్చే బాహుడా యాత్ర. సేల్ జులై 4 శుక్రవారం మొదలై జులై 13 ఆదివారం ముగుస్తుంది.

గుణుపురం నుంచి వచ్చే మనిషికి ఈ సేల్ ఖరీదు రూ. 6,000 ఒక్కటే కాదు. దారి ఖర్చులున్నాయి, ఒక రోజు పని పోతుంది, వచ్చే నెల కొందామనుకున్నది ఈ నెలే కొనడానికి ఎక్కడో అప్పు పుట్టించాలి. గడువు నిజమైతే ఈ తిప్పలన్నీ పడటంలో అర్థముంది. గడువు బూటకమైతే చీర మంచిదే అయినా, రేటు నిజంగా తగ్గినా, ఆ మనిషిని ఊరికే పరుగెత్తించినట్టే. సరిహద్దు ఊళ్లలో ఈ నష్టం పెద్ద పట్నాల్లో కంటే ఎక్కువ. రేపు మళ్లీ వచ్చి చూద్దాంలే అనుకునే వీలు చాలామందికి ఉండదు.

పాత రేటు నిజమేనా

గడువు సంగతికి ముందు చూడాల్సింది రూ. 8,000 సంగతి. పాత రేటు కల్పితమైతే తొందర కూడా కల్పితమే. ఎందుకంటే ‘ఆలస్యం చేస్తే పోతుంది’ అని చెబుతున్నది ఆ రెండు వేల తేడా గురించే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతుల్లో దీన్నీ చేర్చింది. ఒక వస్తువు మామూలుగా ఏ ధరకు అమ్ముడవుతున్నదో ఆ విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించకూడదన్నది దాని సారం. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన మాట ‘మామూలుగా’. ట్యాగు మీద అచ్చయిన ధర ఎంతని కాదు, బిల్లు మీద పడిన ధర ఎంతని చూడాలి.

చీరల కొట్లలో ఈ తేడా చిన్నదేమీ కాదు. ట్యాగు మీద రూ. 8,000 ఉంటుంది. బేరమాడితే రూ. 7,200కి ఇస్తారు, తెలిసినవాళ్లకు రూ. 7,000కి ఇస్తారు. గడిచిన రెండు మూడు నెలల బిల్లు బుక్కు తిరగేస్తే ఎక్కువ బిల్లులు రూ. 7,200 దగ్గర ఉన్నాయనుకుందాం. అలాంటప్పుడు ఈ చీర మామూలు ధర రూ. 7,200. నిజమైన తగ్గింపు రూ. 1,200, అంటే ఆరో వంతు. ఫ్లెక్సీ మీద 25 శాతం అని వేస్తే అది ట్యాగు లెక్క మాత్రమే. మన చట్టం ఇన్ని రోజులు పాత ధరకు అమ్మి తీరాలని గీత గీయలేదు. ఐరోపా సమాఖ్యలో మాత్రం గీత ఉంది: తగ్గింపుకు ముందటి 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. ఇక్కడ గీత లేదు కదా అని కొట్టువాళ్లు ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. ఫిర్యాదు వచ్చినప్పుడు చూపించడానికి చేతిలో ఉండేది ఆ బిల్లులే. పాత ధర ఏదో బిల్లు బుక్కునే అడగాలి, ట్యాగును కాదు.

మన ఊహా దుకాణంలో బిల్లులు రూ. 8,000 దగ్గరే ఉన్నాయనుకుని ముందుకు వెళ్దాం.

ఏ నెల, ఏ రోజు, ఏ గంట

‘ఆషాఢమాసం ఆఫర్, నెలాఖరు వరకు మాత్రమే’ అని ఒక ఫ్లెక్సీ. పాతపట్నంలో ఈ మాటకు ఇబ్బంది లేదు. పర్లాకిమిడిలో ఉంది. తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజికలో చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. 2025లో ఆషాఢ పౌర్ణమి జులై 10, ఆషాఢ అమావాస్య జులై 24. అంటే ఒకే ఫ్లెక్సీ చదివిన ఒడియా ఇల్లాలికి గడువు పదో తేదీతో ముగిసినట్టు, తెలుగు ఇల్లాలికి ఇంకా రెండు వారాలున్నట్టు. ఇక నెలాఖరు అంటే జులై 31 అనుకునే ఉద్యోగస్తుడికి మూడో లెక్క. యజమాని ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. అయినా కనీసం ఒకరు లేని తొందరపడతారు, ఇంకొకరు వచ్చేసరికి సేల్ అయిపోతుంది. పండగ పేరు సేల్‌కు పేరుగా పెట్టుకోవచ్చు, గడువుగా మాత్రం పెట్టకూడదు.

తేదీ రాసినా మూడు చిన్న విషయాలు జారిపోతుంటాయి. ఒకటి వారం పేరు: ‘జులై 13 ఆదివారం’ అని రెండూ కలిపి వేస్తే ఒకటి చదవలేకపోయినా రెండోది అందుతుంది, అచ్చుతప్పు పడినా బయటపడుతుంది. రెండోది గంట: చివరి రోజు రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేస్తారంటే, ఎనిమిదింటి రైలు దిగి వచ్చేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి. మూడోది సంవత్సరం. ఇది అనవసరమనిపిస్తుంది గానీ వాట్సాప్‌లో తిరిగే పోస్టరుకు చావు లేదు. నిరుటి ఆషాఢం పోస్టరు ఈ ఏడు ఆషాఢంలో ఎవరో ఒక బంధువుల గ్రూపులో మళ్లీ తేలుతుంది. సంవత్సరం లేని పోస్టరు ఏటా కొత్తదే.

ఆటో మైకు వేరే సమస్య తెస్తుంది. ‘ఈ రోజే ఆఖరి రోజు, ఈ ఒక్క రోజే’ అని ఒకసారి రికార్డు చేయించి పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇస్తే ఆటో అతను దాన్ని మూడు రోజులు తిప్పుతాడు. మొదటి రోజు అది తొందరపాటు, రెండో రోజు అబద్ధం. రికార్డింగులో ‘ఈ రోజు’, ‘రేపు’, ‘ఇంకా రెండు రోజులే’ అనే మాటలే ఉండకూడదు. ‘జులై 13 ఆదివారం రాత్రి 9 వరకు’ అన్న మాట ఏ రోజు మోగినా నిజమే. ‘ఈ రోజే ఆఖరు’ అనాలని మరీ మనసైతే దాన్ని వేరే ఫైలుగా చేయించి, పదమూడో తేదీ పొద్దున ఇచ్చి, సాయంత్రం వెనక్కి తీసుకోవాలి.

అరవై అంటే అరవై

‘స్టాకు పరిమితం’ అన్న మాట ఎక్కడైనా నిజమే. ఏ కొట్లోనూ అంతులేని సరుకు ఉండదు కదా. అందుకే ఆ మాట ఏమీ చెప్పదు, భయం మాత్రం పెడుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు ఎర ప్రకటనల గురించి విడిగా చెప్పాయి. ప్రకటనలో చెప్పిన ధరకు ఆ వస్తువు అమ్మే అవకాశం సబబుగా ఉండాలి. ఎంతమంది అడుగుతారని అంచనా ఉందో దానికి సరిపడా సరుకు ఉండాలి. సరిపోదని ముందే తెలిస్తే పరిమితమని స్పష్టంగా చెప్పాలి. బజారులో సరుకు లేదన్న భ్రమ కలిగించి కొనిపించకూడదు.

ఇది రెండు వైపులా తప్పుతుంది. పర్లాకిమిడి, పాతపట్నం రెండు ఊళ్లలోనూ ఫ్లెక్సీలు కట్టి, తీరా వస్తే ఆ రేటుకు ఆరు చీరలే ఉండి, మిగతావి చూపించి ‘ఇవి చూడండమ్మా, ఇంకా బాగుంటాయి’ అంటే అది ఎర. బీరువాలో అరవై పెట్టుకుని ‘ఇక ఐదే ఉన్నాయి’ అంటే అది లేని కొరత. సంఖ్య వేస్తే ఈ రెండూ ఒక్క దెబ్బతో పోతాయి. ‘ఈ ధరకు 60 చీరలు’ అని వేసినప్పుడు, అరవైకి రావాలో వద్దో కాశీనగర్‌లో ఉన్న మనిషే లెక్క వేసుకుంటుంది.

సంఖ్య వేశాక దాన్ని నిలబెట్టడం కొట్లో పని. ఇది చేయడానికి కంప్యూటరు అవసరం లేదు. సేల్ చీరలు అరవైకీ 1 నుంచి 60 దాకా నంబరు వేసిన రంగు ట్యాగులు కట్టాలి. చీర అమ్మిన ప్రతిసారీ ఆ ట్యాగు తెంపి కౌంటరు పక్కన డబ్బాలో వేయాలి, ట్యాగు నంబరు బిల్లు మీద రాయాలి. రాత్రి కొట్టు కట్టేముందు డబ్బాలో ట్యాగులు లెక్కపెట్టి, గుమ్మం దగ్గర బోర్డు మీద ‘మిగిలినవి’ ఎన్నో మార్చాలి. పగలంతా మారుస్తూ ఉండనక్కర్లేదు. ‘నిన్న రాత్రి 9 గంటలకు మిగిలినవి 34’ అని రాస్తే ఆ మాట మర్నాడంతా నిజమే. మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే సంఖ్య రాస్తారు గానీ అది ఏ సమయానికో రాయరు. మధ్యాహ్నానికల్లా ఆ అంకె చెడిపోతుంది.

లెక్క తప్పేది ఎక్కువగా ‘పక్కన పెట్టండి’ దగ్గర. పాతపట్నం నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి మూడు చీరలు పక్కన పెట్టమంటారు. సేల్స్‌మన్ మూడు తీసి కింది అరలో పెడతాడు. బోర్డు మీద మూడు తగ్గుతాయి, వాళ్లు రారు, చివరి రోజు సాయంత్రం ఆ మూడూ పైకి వస్తాయి. అప్పటికే ‘అయిపోయాయి’ అని విని వెనక్కి వెళ్లినవాళ్లు ఉంటారు. డబ్బు అందని చీరను అమ్మినట్టు లెక్క వేయకూడదు. పక్కన పెట్టడం తప్పదనుకుంటే ఒక రోజు గడువు పెట్టి, ‘12 మిగిలాయి, ఇంకో 3 బుక్ అయ్యాయి, వాళ్లు రాకపోతే రేపు వస్తాయి’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అరవైలో ఏమున్నాయన్నది కూడా లెక్కలో భాగమే. అరవైలో నలభై ఒకే ముదురు ఆకుపచ్చ, పది మెరూన్, ఎనిమిది ఎరుపు, రెండు గంధం రంగు అనుకోండి. ఫ్లెక్సీ మీద గంధం రంగు చీర బొమ్మ వేసి ‘60 చీరలు’ అంటే అంకె నిజమే, చెప్పింది మాత్రం అబద్ధమే. ఎక్కువగా ఉన్న రంగునే బొమ్మలో వేయాలి. లేదా బొమ్మ కింద ‘ఈ రంగులో 2’ అని అదే సైజు అక్షరాల్లో వేయాలి. పోగు తెగినవి, మడతల దగ్గర రంగు వెలిసినవి ఉంటే వాటిని అరవైలో కలపకుండా వేరే వరసలో పెట్టి, ఎందుకు తక్కువో ట్యాగు మీదే రాయడం మంచిది.

‘మళ్లీ దొరకదు’ అన్నది ఇంకో ప్రమాదమైన మాట. మగ్గం మీద నేసే చీర మళ్లీ నేయించవచ్చు. దసరాకి అదే అంచుతో, అదే రంగులో కొత్త సరుకు బరంపురం నుంచి రావచ్చని యజమానికి తెలుసు. తెలిసి కూడా ‘మళ్లీ దొరకదు’ అంటే అది అబద్ధం. ఇక్కడ నిజంగా తక్కువగా ఉన్నది చీర కాదు, ఆ ధర. కాబట్టి మాట కూడా ధర గురించే ఉండాలి: ‘ఈ ధరకు ఈ 60 మాత్రమే. తర్వాత వచ్చే సరుకు మామూలు ధరకే.’ ఇది కూడా గట్టి మాటే, తొందరపెట్టే మాటే. తేడా ఏమిటంటే దీన్ని నిలబెట్టుకోవచ్చు.

రెండు భాషల ఫ్లెక్సీ

సరిహద్దు ఊళ్లలో ప్రకటన ఒక భాషతో ఆగదు. ఒడియా పెద్దక్షరాల్లో, తెలుగు కొంచెం చిన్నగా, అడుగున ఇంగ్లిష్‌లో చీమల బారులా షరతులు. 2022 మార్గదర్శకాలు దీన్నీ పట్టించుకున్నాయి. వివరణ, షరతు ఏదైనా సరే, మాట ఏ భాషలో చెప్పారో అదే భాషలో, అదే అక్షరాల తీరులో ఉండాలని చెప్పాయి. ‘25 శాతం తగ్గింపు’ తెలుగులో ఉండి, ‘ఎంపిక చేసిన చీరలకే’ అన్నది ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగు చదివినవాళ్లకు సగం మాటే అందినట్టు.

రెండు భాషల్లోనూ రాయించినప్పుడు తేడాలు కావాలని రావు, డీటీపీ దగ్గర వస్తాయి. ఒడియా వైపు తేదీ మారుస్తారు, తెలుగు వైపు మరిచిపోతారు. ‘60 చీరలు’ ఒక భాషలో ఉంటుంది, ఇంకో భాషలో చోటు చాలక ‘పరిమిత స్టాకు’ అవుతుంది. అచ్చుకు ఇచ్చే ముందు రెండు భాషలూ చదవగలిగిన ఒకరు ధర, సంఖ్య, తేదీ, గంట అనే నాలుగింటినీ రెండు వైపులా వేలు పెట్టి సరిచూస్తే చాలు. మిగతా వర్ణన ఎలా ఉన్నా పర్వాలేదు.

మన దుకాణానికి తెలుగు ఫ్లెక్సీ ఇలా ఉండవచ్చు: ‘బరంపురం పట్టుచీరలు 60. మామూలు ధర రూ. 8,000, సేల్ ధర రూ. 6,000. 2025 జులై 4 శుక్రవారం నుంచి జులై 13 ఆదివారం రాత్రి 9 వరకు. 60 అయిపోతే సేల్ ముందే ముగుస్తుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఎన్ని మిగిలాయో కనుక్కోండి. జులై 14 నుంచి మిగిలిన చీరలు రూ. 8,000.’ ఇందులో ‘త్వరపడండి’ లేదు, ఆశ్చర్యార్థకం లేదు. అయినా చదివినవాళ్లకు తొందర తెలుస్తుంది, ఎంత తొందరో కూడా తెలుస్తుంది. చివరి వాక్యం వ్యాపారులకు ఇష్టముండదు, అది తమ చేతులు కట్టేస్తుందని. కట్టేస్తుంది, నిజమే. కానీ గడువును గడువుగా నిలబెట్టేది ఆ వాక్యమే.

పొడిగింపు

పదమూడో తేదీ వచ్చింది. 60లో 38 పోయాయి, 22 మిగిలాయి. అప్పుడు అందరికీ తట్టే ఆలోచన ఒకటే: ‘ప్రజల కోరిక మేరకు మరో వారం పొడిగింపు’. ఆ కోరిన ప్రజలు ఎవరో ఎవరూ చెప్పరు. చెప్పిన గడువు నమ్మి, వాయిదా వేసుకోగలిగిన ఖర్చును వాయిదా వేసుకోకుండా 38 మంది కొన్నారు. మర్నాడే పొడిగిస్తే వాళ్లకు డబ్బు నష్టం లేకపోవచ్చు. కానీ వాళ్లకు చెప్పింది నిజం కాదని తేలిపోతుంది. వచ్చే ఏడు అదే ఫ్లెక్సీ చూసి వాళ్లు కదలరు. పొడిగింపు అలవాటైన బజారులో నిజమైన ఆఖరి రోజుకు కూడా విలువ ఉండదు, దాని నష్టం నిజాయితీగా నడిపే పక్క కొట్టు మీదా పడుతుంది.

పొడిగించడం సబబైన సందర్భమూ ఒకటుంది. జులైలో బంగాళాఖాతంలో అల్పపీడనం పడి రెండు రోజులు కుండపోతగా కురిసి, రాకపోకలు ఆగిపోయాయనుకోండి. రావాలనుకున్నవాళ్లు రాలేకపోయారు. అప్పుడు పోయిన రోజులకు సరిపడా, అంతే, కలపవచ్చు. కారణం రాయాలి: ‘వానల వల్ల జులై 11, 12 తేదీల్లో రాలేకపోయిన వారి కోసం జులై 15 మంగళవారం రాత్రి 9 వరకు.’ ఇలాంటి అవకాశం ఉందని ముందే అనుకుంటే మొదటి పోస్టరులోనే ఒక ముక్క వేయవచ్చు. సరుకు మిగిలిపోవడం మాత్రం కారణం కాదు. అది వ్యాపారి అంచనా తప్పడం, వానా కాదు, వరదా కాదు.

మరి ఆ 22 చీరలు? మామూలు ధరకు వెళ్లాలి. కొంతకాలం తర్వాత, దసరాకో దీపావళికో, మళ్లీ తగ్గించవచ్చు, ఇంకా తక్కువకు కూడా ఇవ్వవచ్చు. అందుకు చట్టం అడ్డు రాదు. అందుకే ఆషాఢం పోస్టరులో ‘ఇంతకంటే తక్కువ ధర ఎప్పటికీ రాదు’ అని రాయకూడదు. ఆ మాట ఇచ్చే అధికారం యజమానికి కూడా లేదు, ఎందుకంటే దసరాకి బజారు ఎలా ఉంటుందో తనకూ తెలియదు. ఎంతకాలం ఆగాలన్నది చట్టం చెప్పకపోయినా, కనీసం నెలా రెండు నెలలు పాత ధరకు నిజంగా అమ్మజూపితేనే మొదటి గడువుకు అర్థముంటుంది. రెండు రోజులు రేటు పెంచి మళ్లీ ‘శ్రావణం సేల్’ అని అదే రూ. 6,000 పెడితే, ఆ చీర మామూలు ధర రూ. 6,000 అని తనే ఒప్పుకున్నట్టు. ఆ పైన రూ. 8,000 మీద తగ్గింపు చూపడానికి వీలుండదు.

ఫోన్‌లో నడిచే గడియారం

ఇప్పుడు చిన్న కొట్లు కూడా ఏదో ఒక యాప్‌లో సొంత ఆన్‌లైన్ దుకాణం పెట్టుకుంటున్నాయి. అందులో సేల్ గడియారం పెట్టుకునే వీలుంటుంది. ఆ గడియారాలు రెండు రకాలు. ఒకటి ఫలానా తేదీ, ఫలానా గంటకు అందరికీ ఒకేసారి ఆగేది. రెండోది ఎవరు పేజీ తెరిస్తే వాళ్లకు అప్పుడే ‘15 నిమిషాలు’ అని మొదలయ్యేది, పేజీ మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ పదిహేనుకు వచ్చేది. రెండోది సున్నాకు చేరినా ధర మారదు. కొనేవాళ్లు దీన్ని పట్టుకోవడం తేలిక: ఇంట్లో ఇంకో ఫోన్‌లో అదే పేజీ తెరవాలి. రెండు ఫోన్లలో వేర్వేరు సమయాలు కనిపిస్తే ఆ గడువు సేల్‌ది కాదు. ‘ఇప్పుడు 23 మంది చూస్తున్నారు’ అన్నదీ అలాంటిదే. అది నిజమైన లెక్క నుంచి రాకపోతే తీసేయాలి, యాప్‌లో ఆ సదుపాయం ఉచితంగా వచ్చినా సరే.

2023 నవంబర్ 30న వచ్చిన, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు ఇలాంటి పద్ధతులు పదమూడింటిని పేర్కొన్నాయి. వాటిలో మొట్టమొదటిది ఈ బూటకపు తొందరే. లేని గిరాకీ చూపించడం, ఉన్నదానికంటే తక్కువ సరుకు ఉందని చెప్పడం రెండూ దాని కిందికే వస్తాయి. ఇవి ఆన్‌లైన్ వేదికలతో పాటు అక్కడ అమ్మేవాళ్లకూ, ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ వర్తిస్తాయి. గుమ్మం ముందు ఫ్లెక్సీ సంగతి 2019 చట్టం, 2022 మార్గదర్శకాలు చూసుకుంటాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర సంస్థ మొదటిసారి రూ. 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చిన్న కొట్టుకు అంత వేస్తారని కాదు గానీ, చిన్న కొట్టని వదిలేసే మినహాయింపు మాత్రం అందులో లేదు.

రాష్ట్రం దాటి వచ్చి కొన్నవాళ్లకు ఎక్కడ మొరపెట్టుకోవాలన్న సందేహం ఉంటుంది. 2019 చట్టం ఆ చిక్కు తీసేసింది. కొన్న మనిషి తాను నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పాతపట్నం వాసి పర్లాకిమిడి కొట్టు మీద శ్రీకాకుళం జిల్లాలోనే కేసు వేయవచ్చన్నమాట. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చేతిలో ఉండాల్సినవి బిల్లు, తేదీ కనబడేలా ఫ్లెక్సీ ఫోటో, గడువు దాటాక కూడా అదే ధర ఉందని చూపే ఇంకో ఫోటో.

పద్నాలుగో తేదీ

సేల్ ముగిసిన పొద్దున కొట్లో చేయాల్సిన పనులు కొట్టు తెరవకముందే అవ్వాలి. ఊళ్లో కట్టిన ఫ్లెక్సీలు ఎన్నో, ఎక్కడో ముందే రాసిపెట్టుకుంటే అన్నీ దించవచ్చు. మరిచిపోయేవి ఎప్పుడూ ఊరవతలివే, పాతపట్నం వైపువే. ఆన్‌లైన్ పేజీలో ధర మార్చాలి, మిగిలిన చీరల నుంచి రంగు ట్యాగులు తీసేయాలి. వాట్సాప్ గ్రూపులో ఒక ముగింపు మాట పెట్టాలి: ‘పట్టుచీరల సేల్ నిన్న రాత్రితో ముగిసింది. 38 అమ్మాం. మిగిలిన 22 ఇవాళ్టి నుంచి రూ. 8,000.’ ముందు రోజులు ప్రచారానికి పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఇక్కడ పెట్టినా చాలు. పాత పోస్టరు వెనకాలే ఈ మాట కూడా తిరుగుతుంది.

ఇంత చేసినా ఆ రోజు ఎవరో ఒకరు ఫోన్‌లో పోస్టరు పట్టుకుని కాశీనగర్ నుంచి వస్తారు. పోస్టరులో తేదీ, గంట స్పష్టంగా ఉంటే మర్యాదగా ధర మారిందని చెప్పాలి. జాలిపడి ఆమెకు రూ. 6,000కే ఇస్తే నిన్నటి దాకా పరుగెత్తి వచ్చిన 38 మందితో ఆడిన మాట తప్పినట్టే. కానీ ఆమె చూపిస్తున్న పోస్టరులో తేదీ చెరిగిపోయి ఉంటేనో, తెలుగు వైపు ‘ఆషాఢం అంతా’ అనే ఉంటేనో తప్పు కొట్టుదే, ఆ ధరకే ఇవ్వాలి. ఇచ్చాక ఆ పోస్టరు కాపీ తీసుకుని ఎక్కడ తప్పు జరిగిందో డీటీపీ అతనికి చూపించాలి. దసరా ఫ్లెక్సీ కూడా అతనే చేసేది.